ఏడు రోజుల యాప్ లోన్: ఎంత కట్టినా బాకీ పెరుగుతుంటే

సమస్య

హనుమకొండ చౌరస్తా దగ్గర బట్టల దుకాణంలో పనిచేసే ఒక యువకుడు తల్లి మందుల కోసం ఫోన్‌లోని యాప్ ద్వారా 5,000 రూపాయల లోన్ తీసుకున్నాడు. ప్రాసెసింగ్ ఫీజు పేరుతో ముందే కోత పెట్టడంతో ఖాతాలో పడింది 3,000 మాత్రమే. గడువు ఏడు రోజులు కాగా, ఆరో రోజునే బెదిరింపు ఫోన్లు మొదలయ్యాయి. మూడు వారాలు తిరిగేసరికి అతని బాకీ 23,400 రూపాయలకు చేరింది, జనగామలో ఉన్న మేనమామకు అతని గురించి అసహ్యమైన సందేశాలు వెళ్లాయి.

కారణం

మన వైపు నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అంటేనే ఎక్కువంటారు. ఇక్కడ చేతికందిన 3,000 మీద వారానికే 2,000 పోతున్నది, అంటే నూటికి 66 రూపాయలకు పైనే. గడువు నాటికి 5,000 లేక అతను మరో యాప్‌లో 8,400 తీసుకున్నాడు. అక్కడా నూటికి 40 రూపాయల కోతే కాబట్టి 5,040 వచ్చింది. ఆ 8,400 తీర్చడానికి తరువాతి వారం 14,000, దాన్ని తీర్చడానికి రెండు మూడు యాప్‌లలో కలిపి 23,400 రాయించుకోవలసి వచ్చింది. ఇన్ని లోన్లలో అతని అవసరానికి మిగిలింది 3,080 రూపాయలే. ఇది దుబారా వల్ల వచ్చిన బాకీ కాదు, కోత వల్ల పెరిగిన బాకీ.

మేనమామ నంబరు వాళ్లకు చేరింది Contacts అనుమతి నొక్కినప్పుడే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లోన్ యాప్‌లు కాంటాక్టులను, కాల్ వివరాలను, ఫోటోలను తీసుకోకూడదు. గుర్తింపు పరిశీలనకు అవసరమైతే కెమెరా, లొకేషన్ వంటివి అనుమతితో ఒక్కసారి వాడుకోవచ్చు. కాబట్టి కాంటాక్టులు అడిగిన యాప్‌ను అక్కడే ఆపేయాలి.

పరిష్కారం

ముందుగా, పాత లోన్ తీర్చడానికి కొత్త లోన్ తీసుకోవడం ఆపాలి. అది ఆగనిదే మిగతా ఏ చర్యా ఫలించదు.

భయంతో యాప్‌ను వెంటనే తీసేయవద్దు. అప్పటికే వాళ్లకు చేరిన నంబర్లు దానివల్ల వెనక్కి రావు, పైగా ఆధారాలు పోతాయి. లోన్ వివరాలు, బెదిరింపు సందేశాలు, డబ్బు కట్టించుకున్న యూపీఐ ఐడీలు స్క్రీన్‌షాట్లు తీసి, 3,000 జమ అయినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలిపి దాచాలి. తరువాత ఫోన్ Settings లోని Apps, Permissions లోకి వెళ్లి అనుమతులు రద్దు చేసి, అప్పుడు యాప్‌ను తొలగించాలి.

ఆ రోజే బంధువులకు విషయం మనమే చెప్పాలి. ఆ మేనమామకు ముందే తెలిసి ఉంటే ఆ సందేశాలకు అంత బలం ఉండేది కాదు.

బెదిరింపులపై 1930కు ఫోన్ చేసి గానీ, cybercrime.gov.in లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. లోన్ ఇచ్చింది రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న సంస్థ అయితే ముందు దాని ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో, ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఒప్పంద పత్రంలో సంస్థ పేరే లేకపోతే అంబుడ్స్‌మన్ దారి పనిచేయదు, పోలీసు ఫిర్యాదే మార్గం.