జేబు గడియారం ఫోటో తీసే ముందు కత్తి పక్కన పెట్టండి

బోనాలకు ఇళ్లు దులుపుకునే రోజులివి. బీరువా అడుగున పట్టుచీరల మడతల్లోంచి పాత జేబు గడియారాలు బయటికొచ్చేది ఇప్పుడే. వాచీలు బాగుచేసే నా షాపుకి అవి విరిగి రావడం మొదలయ్యేదీ ఇప్పుడే. పోయిన శనివారం నల్లకుంట నుంచి 14 ఏళ్ల అబ్బాయి ఒకడు చేతిరుమాల్లో చుట్టిన వెండి గడియారం తెచ్చాడు. వాళ్ల తాతయ్య వెనకాలే నెమ్మదిగా మెట్లెక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. శుక్రవారం సాయంత్రం దాకా నడిచిన గడియారం అది.

జరిగింది చెబుతాను. ఏ అడుగు దగ్గర తప్పు పడిందో తెలిస్తేనే మీరు ఆ అడుగు వేయకుండా ఆగుతారు.

డయల్ మీద వాల్తమ్ అనే అమెరికా గడియారాల కంపెనీ పేరు ఉంది. తాతయ్యకు వాళ్ల నాన్నగారి నుంచి వచ్చింది. అసలుదో కాదో తేల్చాలని అబ్బాయి ఫోన్‌తో ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. ముందువైపు తీశాడు, వెనకవైపు తీశాడు. వెనక మూతకు అంచులో చిన్న పెదవిలాంటిది ఉంటే గోరు పెట్టి లేపాడు. అక్కడిదాకా తప్పేమీ లేదు. మూత లోపల లంగరు బొమ్మ, సింహం బొమ్మ, ఎ.ఎల్.డి. అనే పొడి అక్షరాలు, ఆరంకెల నంబరు కనిపించాయి. ఆ నంబరును వాల్తమ్ నంబర్ల పట్టికలో వెతికితే 1860ల నాటిదని వచ్చింది. వెండి ముద్రలో ఏ సంవత్సరానిదో చెప్పే అక్షరం చూస్తే 1900 దాటిందని తేలింది. పైగా మూత మీద వాల్తమ్ పేరే లేదు. ‘నకిలీ’ అన్నాడు వాళ్ల బాబాయి. తాతయ్య మొహం చూసి అబ్బాయి ఆగలేకపోయాడు. ఇంకా లోపల ఏదో రాసి ఉంటుందని వంటింట్లోంచి కూరగాయల కత్తి తెచ్చాడు.

“మొన కొంచెమే పెట్టిన అంకుల్. టక్కున లోపలికి పోయింది.”

పెద్దమూత కింద ఇంకో పల్చటి మూత ఉంటుంది. దుమ్ము పోకుండా పెట్టేది. దాని కింద ఆనుకున్నట్టే బ్యాలెన్స్ చక్రం ఉంటుంది, అటూ ఇటూ ఊగేది. దాని ఇరుసు కొనలు వెంట్రుకంత సన్నం. చక్రానికి చుట్టుకుని ఉండే హెయిర్‌స్ప్రింగ్ ఇంకా సున్నితం. కత్తి మొన ఒక మిల్లీమీటరు ఎక్కువ దిగితే ఆ చక్రానికే తగులుతుంది. ఇక్కడ అదే జరిగింది. ఇరుసు కొన విరిగింది, స్ప్రింగ్ చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి చిక్కుపడ్డాయి. ఇరుసుకు పాత స్టాకులో సామాను వెతకొచ్చు. వంగిన స్ప్రింగ్‌ను మాత్రం చుట్టు తర్వాత చుట్టు చేత్తో సరిచేయాలి. చేసినా టైము మునుపటంత ఖచ్చితంగా ఉంటుందని నేను మాటివ్వలేను. తాతయ్యకు అదే చెప్పాను.

అందుకే మళ్లీ చెబుతున్నాను: లోపలి మూతకు కత్తి పెట్టకండి. మేము వాడేది మొండి అంచున్న పొట్టి కత్తి. బొటనవేలు కేసుకు ఆనించి, గాడిలో కొస మాత్రం పెట్టి మెల్లిగా తిప్పుతాం, ఎప్పుడూ లోపలికి తోయం. వంటింటి కత్తితో తోయడమే వస్తుంది.

అసలు ఆ కత్తి అవసరమే రాకూడదు. అబ్బాయి చూసింది కేసు నంబరు, అంటే బయటి డబ్బాది. వాల్తమ్ పట్టికలో వెతకాల్సింది లోపల తిరిగే మిషన్ మీద చెక్కిన నంబరు. ఆ రోజుల్లో మిషన్ ఒకరు చేస్తే కేసు ఇంకొకరు చేసేవారు. ఎ.ఎల్.డి. అంటే ఆరన్ లఫ్కిన్ డెనిసన్. అమెరికాలో వాల్తమ్ కంపెనీ పుట్టుకలో ఉన్న మనిషే తర్వాత ఇంగ్లండ్ వెళ్లి బర్మింగ్‌హామ్‌లో కేసులు చేయించాడు. లంగరు బర్మింగ్‌హామ్ ముద్ర, సింహం స్టెర్లింగ్ వెండి ముద్ర. వాల్తమ్ మిషన్ డెనిసన్ కేసులో ఉండటం నకిలీకి గుర్తు కాదు, చాలా మామూలు జత. నేను మూత తీశాక మిషన్ మీద కంపెనీ పేరు, 17తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు కనిపించాయి. అది 1910కి కాస్త అటూ ఇటూ. వెండి ముద్ర సంవత్సరం దాని పక్కనే ఉంది. అసలుదే. ఆ మాట విని తాతయ్య కళ్లు తుడుచుకున్నారు. అబ్బాయి మాత్రం తలెత్తలేదు.

తెరిచే ముందు గడియారం చుట్టూ వేలితో తడమండి. ఒకచోట ఉబ్బెత్తుగా మడతబందు తగిలి, ఇంకోచోట పెదవి తగిలితే అది గోటితో లేచే మూత. మడతబందు లేదు, పెదవి లేదు అంటే మర మూత కావచ్చు. పొడి అరచేయి ఆనించి ఎడమకు తిప్పాలి. కదలకపోతే అక్కడితో ఆపండి. కొన్నిటికి వెనక మూతే రాదు, అద్దం వైపు నుంచి తెరుచుకుంటాయి. మీది ఏ రకమో తేలలేదా, తెరవకండి. సుల్తాన్ బజార్‌లోనో ఆబిడ్స్‌లోనో జేబు గడియారాలు చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లి, మీ కళ్లముందే తెరిపించి, అక్కడే ఫోటోలు తీసుకోండి. నిమిషం పని.

ఫోటోకు ఫ్లాష్ వద్దు. మెరిసే లోహం మీద అంకెలు తెల్లగా కొట్టుకుపోతాయి. కిటికీ పక్కన నీడలో పెట్టి, కొంచెం ఏటవాలుగా, జానెడు దూరం నుంచి తీసి తర్వాత పెద్దది చేసి చూడండి. డయల్, మూత లోపలి ముద్రలు, మిషన్ మీది పేరూ నంబరూ: ఈ మూడూ స్పష్టంగా ఉంటే చాలు. డయల్ మీది పేరును ఒక్కదాన్నే నమ్మకండి, డయల్ మార్చడం తేలిక.

ఫోన్‌ను గడియారానికి ఆనించకండి. స్పీకర్లోనూ కొన్ని కవర్లలోనూ అయస్కాంతం ఉంటుంది. అది పట్టిన స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుని గడియారం పరుగెత్తుతుంది.

మిషన్‌ను వేలితో ముట్టుకోకండి. చెమటకు ఉక్కు తుప్పు పడుతుంది.

దుమ్ము పోవాలని నోటితో ఊదకండి. ఈ ముసురులో ఆ తడి ఆరదు.

ఫోటోలో బాగా రావాలని చింతపండుతోనో పళ్లపొడితోనో తోమకండి. ముద్రలు అరిగిపోతే ఇక చదవడానికేమీ మిగలదు.

ఏళ్లుగా ఆగి ఉన్నదానికి చావీ ఇచ్చి నడిపించకండి. నూనె ఎండిపోయి ఉంటుంది, ఇరుసులు అరుగుతాయి.

అంకెల మీద, ముళ్ల మీద గోధుమరంగు ముద్ద ఉంటే అది రేడియం కావచ్చు. అద్దం తీయకండి. గీకకండి. పిల్లల చేతికివ్వకండి.

మూత లేవకపోతే బలం పెట్టకండి.

కత్తి వద్దు. బ్లేడు వద్దు. స్క్రూడ్రైవర్ వద్దు. ‘మొన కొంచెమే’ అని కూడా వద్దు.

కత్తి ఇప్పటికే తగిలిందా? అటూ ఇటూ ఊపి చూడకండి, చావీ ఇవ్వకండి, మూత మూసేసి ఎలా ఉందో అలాగే గుడ్డలో చుట్టి తీసుకురండి.