భయం మెట్లు – 4వ పాఠం: మనల్ని కాపాడుతున్నాయనుకునే అలవాట్లు

పోయిన పాఠంలో మీ చేత రెండు జాబితాలు రాయించాను. భయం వల్ల మానేసిన పనులు ఒకవైపు, భయపడుతూనే ఎలాగో నెట్టుకొస్తున్న పనులు ఇంకోవైపు. ఈ పాఠానికి ఆ రెండో జాబితా దగ్గర పెట్టుకోండి. మానేసిన పని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. నెట్టుకొస్తున్న పనిలో దాగిన జాగ్రత్తలు మాత్రం ఒక్కోసారి మనకే తెలియవు. భయం ఏళ్ల తరబడి తగ్గకపోవడానికి చాలామందిలో కారణం ఇవే. వీటిని రక్షణ అలవాట్లు అందాం.

ఈ పాఠమంతా ఒకే ఉదాహరణతో నడుపుతాను. పాతపట్నం వైపు నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి కోడలిగా వచ్చి పదేళ్లయిన ఒకావిడ అనుకోండి. ఇలాంటి సమస్య ఉన్న కొందరిని కలిపి ఒక్కరిగా చెబుతున్నాను. పర్లాకిమిడి బజారులో తెలుగుతో చాలావరకు పని జరిగిపోతుంది. బ్యాంకులో, బడిలో, రేషన్ దగ్గర, మహిళా సంఘం మీటింగులో మాత్రం ఒడియా అవసరం పడుతుంది. ఆవిడకి ఒడియా రాదా అంటే, వచ్చు. పక్కింటి ఒడియా ఆవిడతో గంటలు గంటలు మాట్లాడుతుంది. కౌంటర్ ముందు నిలబడేసరికి గొంతు పట్టేస్తుంది, చెవులు వేడెక్కుతాయి. 'తప్పు మాట్లాడతాను, అందరూ తిరిగి చూస్తారు, నవ్వుతారు' అని టెన్షన్.

ఈ తేడా మీరూ చూసుకోవాలి. ఇంటి దగ్గర బాగా వచ్చిన భాష కౌంటర్ దగ్గర రాకపోతే అది భయం, దానికి ఈ పాఠం పనికొస్తుంది. ఎక్కడా రాకపోతే ముందు భాష నేర్చుకోవాలి. మెట్లెక్కడం, అంటే తక్కువ భయం ఉన్న పనితో మొదలుపెట్టి ఒక్కొక్కటే చేసుకుంటూ పైకి పోవడం, తర్వాత.

ఇప్పుడు ఆవిడ బ్యాంకుకి ఎలా వెళ్తుందో చూద్దాం. ఎనిమిదో తరగతి చదివే కూతుర్ని వెంటేసుకుని వెళ్తుంది. లైనులో ఉన్నంతసేపూ చెప్పాల్సిన వాక్యాన్ని లోలోపల వల్లె వేస్తుంది. చూపు కౌంటర్ అద్దం మీద ఉంటుంది కానీ అవతలి మనిషి ముఖం మీద ఉండదు. గొంతు బాగా తగ్గించి, గబగబా రెండు ముక్కలు చెబుతుంది. చేతిలో ఫోను పట్టుకునే ఉంటుంది, ఇబ్బందైతే ఎవరో చేసినట్టు చూసుకోవచ్చని. ఇంటికొచ్చాక భర్తని అడుగుతుంది: "అలా అన్నానండీ, తప్పేం లేదు కదా?"

ఇన్ని జాగ్రత్తలతో పని అయిపోతుంది, ఎవరూ నవ్వరు. అలాంటప్పుడు భయం తగ్గాలి కదా, ఎందుకు తగ్గట్లేదు? మనసు ఆ ఫలితాన్ని జాగ్రత్తల ఖాతాలో వేసుకుంటుంది. 'పాప పక్కనుంది గనక సరిపోయింది. ముందే అనుకుని వెళ్లాను గనక బయటపడ్డాను.' కౌంటర్ దగ్గర అసలు ప్రమాదం ఉందా లేదా అన్నది ఎప్పుడూ తేలదు. బయటికొచ్చాక 'హమ్మయ్య' అనిపిస్తుంది చూడండి, ఆ ఊరటే వచ్చేసారి అవే జాగ్రత్తలు మళ్లీ చేయిస్తుంది.

ఇంకో సంగతి ఉంది, నన్నడిగితే ఇదే పెద్దది. కొన్ని రక్షణ అలవాట్లు భయపడిన దాన్నే తెచ్చి ఎదుట నిలబెడతాయి. గొంతు తగ్గించి మాట్లాడితే అవతలి ఆయనకి వినపడదు. "కొణొ కొహిలే?", అంటే ఏమన్నారు అని గట్టిగా అడుగుతాడు. ఆ గొంతుకి వెనకున్న ఇద్దరు తల తిప్పి చూస్తారు. ఆవిడ దృష్టిలో అది 'నా ఒడియా విని చూస్తున్నారు'. నిజానికి వాళ్లు చూసింది ఆయన గట్టిగా అడిగినందుకు. చేతులు వణుకుతాయేమోనని టీ గ్లాసుని బిగించి పట్టుకునేవాళ్లకీ ఇంతే, బిగింపు వల్లే వణుకు ఎక్కువవుతుంది.

1995లో మనస్తత్వ శాస్త్రవేత్తలు వెల్స్, క్లార్క్ తదితరులు బ్రిటన్‌లో సరిగ్గా ఈ విషయాన్నే పరీక్షించారు. నలుగురిలో మెలగాలంటే భయపడే 8 మందిని తీసుకుని, భయపడే పరిస్థితిలోకి ఊరికే వెళ్లడానికీ, రక్షణ అలవాట్లు వదిలి వెళ్లడానికీ తేడా చూశారు. వదిలి వెళ్లినప్పుడు భయమూ, 'ఏదో అయిపోతుంది' అన్న నమ్మకమూ ఎక్కువగా తగ్గాయి. చాలా చిన్న పరీక్షే. అయినా 'రోజూ వెళ్తూనే ఉన్నానండీ, భయం పోవట్లేదు' అనేవాళ్ల సంగతి దీంతో అర్థమవుతుంది.

మెట్లు కట్టడానికి ముందు ఈ వారం ఒక చిన్న పరీక్ష చేయండి. ఆవిడ చేసినట్టే చెబుతాను. రెండు మందుల షాపులు ఎంచుకుంది, రెండూ అలవాటు లేనివే. మొదటి దాంట్లో కావాలనే పాత పద్ధతి: చూపు కిందికి, గొంతు లోపలికి. ఓఆర్ఎస్ పాకెట్లు రెండు అడిగింది. షాపతను రెండుసార్లు "కొణొ?" అన్నాడు. పక్కనున్న పెద్దాయన ఇటు చూశాడు. రెండో షాపులో అతని ముఖం చూస్తూ, పక్కింటావిడతో మాట్లాడే గొంతుతోనే అడిగింది. అతను పాకెట్లు తీసి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, తర్వాతి మనిషి వైపు తిరిగాడు. రెండో షాపులోకి అడుగుపెట్టేటప్పుడు భయం నూటికి 60 ఉందని రాసుకుంది, మొదటిదాని కన్నా ఎక్కువ. జాగ్రత్త వదిలినప్పుడు ముందు భయం పెరుగుతుంది. పెరిగితే దారి తప్పినట్టు కాదు.

ఇక మెట్లు. సున్నా నుంచి 100 వరకు భయం కొలత రెండో పాఠంలో నేర్చుకున్నాం. ఆవిడ నిచ్చెనలో కింది మెట్టు, తెలియని కూరగాయలావిడని ఒడియాలో ధర అడగడం, 25. రేషన్ దుకాణంలో పాప లేకుండా వెళ్లి బియ్యం ఎప్పుడొస్తాయో కనుక్కోవడం 45. బడిలో టీచరుతో పిల్ల చదువు గురించి మాట్లాడటం 55. బ్యాంకు కౌంటర్ 70. సంఘం మీటింగులో నెల లెక్క పైకి చదవడం 80. అన్నిటికన్నా పైన 90 దగ్గర ఒక చిత్రమైన మెట్టు ఉంది: బ్యాంకులో కావాలనే ఒక మాట తప్పుగా అని, సర్దుకోకుండా నిలబడటం. తప్పు దొర్లితే ఏమవుతుందన్నదే అసలు భయం కాబట్టి, అది చూడకుండా నిచ్చెన పూర్తి కాదు.

ప్రతి మెట్టు పక్కనా వదలాల్సిన అలవాటు కూడా రాయాలి. 'బ్యాంకుకి వెళ్లాలి' అని రాస్తే సరిపోదు. 'పాప లేకుండా, ఫోను సంచిలో పెట్టి, లైనులో వాక్యం వల్లె వేయకుండా, ముఖం చూస్తూ, మామూలు గొంతుతో' అని ఉండాలి. అన్నీ ఒకేసారి వదలలేకపోతే మొదటిరోజు పాపని గేటు దగ్గర ఉంచవచ్చు, అయితే ఏ రోజు నుంచి ఉండదో ఆ తేదీ అప్పుడే రాసుకోండి. పాస్‌బుక్, ఆధార్ తీసుకెళ్లడం రక్షణ అలవాటు కాదు. అవి భయం లేనివాళ్లకీ కావాలి.

వెళ్లే ముందు ఒక కాగితం మీద జోస్యం రాయాలి, కంటితో చూసి అవునో కాదో చెప్పగలిగేలా. 'ఏదోలా ఉంటుంది' అని రాస్తే ఎప్పటికీ తేలదు. ఆవిడ ఇలా రాసింది: 'క్లర్క్ విసుక్కుని ఇంకొకర్ని పిలుచుకురమ్మంటాడు. లైనులో కనీసం ఇద్దరు నవ్వుతారు. 80 శాతం ఖాయం.' పని పూర్తయ్యేదాకా, అంటే ఆ జోస్యం తేలేదాకా అక్కడే ఉండాలి. భయం మధ్యలో తగ్గాలన్న నియమం లేదు. 70తో వెళ్లి 70తోనే బయటికొచ్చినా జోస్యం తప్పితే ఆ రోజు పాఠం అయినట్టే.

మొదటిసారి ఏమైందంటే, ఎవరూ నవ్వలేదు, పని అయింది. అయినా రెండోసారి వెళ్లేముందు భయం మళ్లీ 70, నమ్మకం మళ్లీ 80 శాతం. ఇక్కడే చాలామంది 'ఇది నాకు పని చేయదు' అని వదిలేస్తారు. వదిలేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈసారి బాగా జరగడానికి కారణం ఏమనుకుంటున్నారు? ఆవిడ జవాబు, 'నవ్వుతూ ఉన్న క్లర్క్ ఉన్న లైను చూసుకుని నిలబడ్డాను గనక.' జవాబులో ఎక్కడ 'గనక' వచ్చిందో అక్కడ వదలని అలవాటు ఒకటి దాక్కుని ఉంటుంది. రెండోసారి నుంచి ఏ లైను పొట్టిగా ఉంటే అందులో నిలబడింది. ఒకసారి క్లర్క్ ఒక మాట సరిచేశాడు, చేసి స్టాంపు వేసి పుస్తకం ఇచ్చేశాడు. ఆ రోజు కాగితం మీద నమ్మకం 40కి దిగింది. ఒకే మెట్టుని వేర్వేరు రోజుల్లో, వేర్వేరు కౌంటర్లలో, జనం ఉన్నప్పుడూ లేనప్పుడూ ఎక్కాలి. వారానికి ఒక్కసారి చాలదు, నాలుగైదు సార్లయినా ఏదో ఒక మెట్టు మీద ఉండాలి.

మరి నిజంగానే ఎవరైనా నవ్వితే? నవ్వవచ్చు. అప్పుడు జోస్యంలో రెండో సగం చూడాలి: నవ్వితే ఏమవుతుందనుకున్నారు? 'తట్టుకోలేను, మళ్లీ ఆ వైపు వెళ్లలేను' అని కదా. నవ్విన తర్వాత పని పూర్తి చేశారా, ఎంతసేపటికి వేరే ఆలోచనలో పడ్డారు, అది రాసుకోండి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "నువ్వెందుకులే, నేనే వెళ్లొస్తా" అన్నది ప్రేమతోనే అంటారు, కానీ అది తప్పించుకోవడానికి దారి వేస్తుంది. "తప్పేం లేదు కదా?" అని అడిగినప్పుడు "ఏం లేదు, బాగానే అన్నావు" అనడం కూడా రక్షణ అలవాటులో భాగమే. ముందే ఇద్దరూ ఒప్పుకుని, జవాబుగా "కాగితం మీద ఏం రాశావు?" అని మాత్రం అడగండి. మొదట్లో కోపమొస్తుంది, అది ఎందుకో ఇద్దరికీ తెలిసుంటే చాలు.

పెళ్లిళ్లకి, మీటింగులకి వెళ్లే ముందు ధైర్యం కోసం ఒక పెగ్గు వేసుకునే మగవాళ్ల జాబితాలో ఆ పెగ్గు కూడా రాయాలి. రోజూ తాగే అలవాటుంటే మాత్రం ఒక్కసారిగా మానేయకండి, ప్రమాదం, ముందు డాక్టర్‌ని కలవండి. భయానికి వాడుతున్న మాత్రలూ అంతే, సొంతంగా ఆపకూడదు. బతకాలనిపించకపోవడం, నిద్ర తిండి పూర్తిగా దెబ్బతినడం, ఒంటి మీద జరిగిన దాడి వల్ల వచ్చిన భయం, ఇలాంటివి ఉంటే ఈ పాఠాలతో ఒంటరిగా చేయకండి. ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

వచ్చే పాఠం లోపు చేయాల్సింది రెండు షాపుల పరీక్ష, ఆ తర్వాత మీ నిచ్చెనలో కింది రెండు మెట్లు. ఒక్కో మెట్టుకి ఒక్కో కాగితం: జోస్యం, నమ్మకం ఎంత శాతం, వదిలిన అలవాటు, జరిగింది, మళ్లీ శాతం. వచ్చేసారి ఇంటికొచ్చాక తలలో తిరిగే 'అలా అనకుండా ఉండాల్సింది' అన్న ఆలోచనల సంగతి చూద్దాం, ఆ కాగితాలు అప్పుడు కావాలి.