ఓఎల్ఈడీ టీవీలో లోగో మచ్చలా మిగిలిపోతోందా? ముందు గోడ మీద స్విచ్ సంగతి చూడండి

సమస్య: క్రికెట్ పెడితే గ్రౌండ్ మీద న్యూస్ పట్టీ నీడ

చాలామందికి ఇది ఇలాగే మొదట కంటపడుతుంది. మ్యాచ్ చూస్తుంటే పచ్చటి గ్రౌండ్ మీద, స్క్రీన్ కింది భాగంలో అడ్డంగా ఒక మసక పట్టీ, పైన మూలలో చిన్న చదరం. న్యూస్ ఛానెల్ పెడితే మాత్రం ఏమీ తెలియదు, ఎందుకంటే ఆ పట్టీ, ఆ లోగో సరిగ్గా ఆ మచ్చల మీదే కూర్చుంటాయి. అందుకే రోజంతా న్యూస్ నడిచే ఇంట్లో మచ్చ పడిన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియదు.

కంగారు పడే ముందు అది తాత్కాలికమా, శాశ్వతమా తేల్చుకోవాలి. యూట్యూబ్‌లో ఓఎల్ఈడీ టెస్ట్ వీడియోలు బోలెడు ఉన్నాయి, స్క్రీన్ మొత్తం ఒకే రంగు చూపించేవి. గదిలో లైట్లు ఆర్పి ముందు మధ్యస్థంగా ఉండే బూడిద రంగు, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు ఒక్కోటీ చూడండి. ఫోన్‌తో ఫొటో తీసి దాచుకోండి, తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం. మామూలు సినిమాలో కనిపించకపోయినా ఎరుపు స్క్రీన్ మీద మచ్చ బయటపడుతుంది, ఎందుకంటే మన న్యూస్ ఛానెళ్ల పట్టీల్లో ఎక్కువగా వాడేది ఎరుపే, ఆ రంగు పిక్సెళ్లే ఎక్కువ పని చేసి ఉంటాయి. ముదురు బూడిద మీద నిలువుగా సన్నటి చారలు కనిపిస్తే అది వేరే విషయం, ప్యానెల్ తయారీలోనే కొంత ఉంటుంది, దాన్ని శాశ్వతంగా పడే మచ్చ, అంటే బర్న్-ఇన్ అనుకోకండి.

మచ్చ కనిపించిందా, అయితే రకరకాల బొమ్మలున్న సినిమా ఏదైనా ఒకటి రెండు గంటలు నడపండి, రాత్రి టీవీని రిమోట్‌తో ఆపి గోడ స్విచ్ ముట్టుకోకుండా వదిలేయండి. మర్నాడు అదే టెస్ట్ పెట్టండి. పోయిందంటే అది తాత్కాలిక నీడ. అలాగే ఉంటే అరుగుదల మొదలైనట్టు.

కారణం: అక్కడి పిక్సెళ్లు ఎక్కువ అరిగాయి

ఎల్ఈడీ టీవీలో వెనక ఒక లైటు వెలుగుతుంది. ఓఎల్ఈడీలో అలా కాదు, ప్రతి పిక్సెల్ తనంతట తాను వెలుగుతుంది, వెలిగిన కొద్దీ అందులోని పదార్థం కొంచెం కొంచెంగా బలం తగ్గుతుంది. రోజూ ఒకే చోట కాలు పెట్టే మెట్టు అక్కడే అరిగినట్టు, లోగో ఉన్న చోట పిక్సెళ్లు పక్కవాటికంటే ముందు అరుగుతాయి, ఆ తేడానే మనకు నీడలా కనిపిస్తుంది. ఎంత ఎక్కువ వెలుగుతో నడిపితే అంత తొందరగా అరుగుతాయి.

2018లో ఆర్టింగ్స్ అనే కెనడా సంస్థ ఆరు ఎల్‌జీ ఓఎల్ఈడీ టీవీలను రోజుకు 20 గంటల చొప్పున నడిపి పరీక్షించింది. సీఎన్ఎన్ లైవ్ నడిపిన టీవీలు రెండు, ఒకటి మామూలు వెలుగుతో, ఒకటి పూర్తి వెలుగుతో. మచ్చ రెండింటిలోనూ పడింది, కానీ పూర్తి వెలుగుతో నడిపినదాంట్లో ముందుగా, ఎక్కువగా పడింది. అంటే బొమ్మ కదలకుండా ఉండటం, వెలుగు ఎక్కువ ఉండటం, ఈ రెండూ కలిసినప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ.

పిక్సెల్ రిఫ్రెష్: మన ఇళ్లలో ఇదే జరగట్లేదు

ఈ అరుగుదలను సర్దుకోవడానికి టీవీలోనే ఏర్పాటు ఉంది. ఎల్‌జీ ఓఎల్ఈడీల్లో మొత్తం కలిపి 4 గంటలకు పైగా చూశాక రిమోట్‌తో ఆపితే, స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడే లోపల పిక్సెళ్లను కొలిచి, తేడా వచ్చిన వాటికి కరెంటు సరిచేసే పని కొన్ని నిమిషాల పాటు నడుస్తుంది. ఇంకా పెద్దది 2000 గంటలకు ఒకసారి, దానికి దాదాపు గంట పడుతుంది. రోజుకు ఆరు గంటలు చూసే ఇంట్లో ఆ 2000 గంటలు పదకొండు నెలల్లో వచ్చేస్తాయి. మిగతా కంపెనీల్లోనూ ఇలాంటిదే ఉంటుంది, గంటల లెక్కలు వేరుగా ఉండొచ్చు.

ఇప్పుడు మన అలవాటు చూడండి. రాత్రి పడుకునే ముందు రిమోట్ నొక్కడం, వెంటనే వెళ్లి బోర్డు మీద స్విచ్ ఆపేయడం. కరెంటు ఆదా, పిడుగు భయం, పెద్దవాళ్లు నేర్పిన జాగ్రత్త, కారణం ఏదైనా సరే, ఆ స్విచ్ ఆపగానే టీవీ చేసుకోవాల్సిన పని ఆగిపోతుంది. ఒక రోజు తప్పితే ఏమీ కాదు, తర్వాత ఆపినప్పుడు చేసుకుంటుంది. ఏడాది పొడుగునా ఒక్కరోజూ జరగకపోతేనే తేడాలు పేరుకుపోయి మచ్చలవుతాయి.

పరిష్కారం తేలికే. టీవీని రిమోట్‌తోనే ఆపండి, స్విచ్ వేసే ఉంచండి. స్టాండ్‌బైలో ఈ టీవీలు తినే కరెంటు చాలా తక్కువ, ఒక వాట్ లోపే. స్విచ్ ఆపి తీరాలి అనుకుంటే కనీసం పావుగంట, ఇరవై నిమిషాలు ఆగి ఆపండి. చాలా మోడళ్లలో టీవీ ఆపిన కాసేపటికి లోపల నుంచి ‘టక్’ అని రిలే చప్పుడు వస్తుంది, పని ముగిసినప్పుడు మళ్లీ వస్తుంది, నిశ్శబ్దంగా ఉన్న రాత్రిపూట స్పష్టంగా వినబడుతుంది. ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ప్లగ్ పీకేయండి.

మెనూలో చేత్తో నడిపే బటన్ కూడా ఉంటుంది. ఎల్‌జీలో Settings లోపల `OLED Panel Care` కింద `Pixel Cleaning`, పాత మోడళ్లలో `Pixel Refresher`. శాంసంగ్‌లో `Panel Care` కింద `Pixel Refresh`. సోనీలో `Panel refresh`. దీన్ని ఊరికే వారం వారం నొక్కేవాళ్లున్నారు, అలా చేయకండి. ఇది అరిగిన పదార్థాన్ని కొత్తగా చేయదు, తేడా కనబడకుండా కరెంటు సర్దుతుంది, అంతే. మచ్చ మామూలు వాడకంలో పోనప్పుడే, ఒకసారి నడపండి. సోనీ అయితే గది వేడి 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే నడపమంటుంది, కాబట్టి మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో మొదలుపెట్టకండి, రాత్రి పెట్టుకోండి. గంట సేపు కరెంటు పోకుండా చూసుకోండి. మధ్యలో స్క్రీన్ మీద తెల్ల గీత వస్తే భయపడనక్కర్లేదు, అది ఆ పనిలో భాగమే.

స్క్రీన్ సేవర్ ఉంది కదా, అయినా ఎందుకు పడింది?

బొమ్మ మొత్తం కదలకుండా ఉంటేనే స్క్రీన్ సేవర్ వస్తుంది. న్యూస్‌లో యాంకర్ కదులుతుంది, అక్షరాలు పరుగెడతాయి, కాబట్టి టీవీ దృష్టిలో అది కదిలే బొమ్మే. లోగో మాత్రం గంటల తరబడి అక్కడే. అంటే న్యూస్ విషయంలో స్క్రీన్ సేవర్ మిమ్మల్ని కాపాడలేదు. అది పనికొచ్చేది సినిమా పాజ్ చేసి భోజనానికి వెళ్లినప్పుడు, యాప్‌ల హోమ్ పేజీ వదిలేసినప్పుడు. ఫైర్ టీవీ స్టిక్ వాడేవాళ్లు Settings → Display & Sounds → Screensaver లోకి వెళ్లి Start Time ఐదు నిమిషాలకు పెట్టుకోండి, `Never` అని ఉంటే తప్పకుండా మార్చండి.

న్యూస్‌కు పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి లోగో వెలుగు తగ్గించేది, ఎల్‌జీ, శాంసంగ్ రెండింటిలోనూ `Adjust Logo Brightness` అని ఉంటుంది, దాన్ని ఎక్కువ స్థాయిలో పెట్టండి. రెండోది బొమ్మను అప్పుడప్పుడు కొన్ని పిక్సెళ్లు జరిపేది, ఎల్‌జీలో `Screen Move`, మిగతావాటిలో `Pixel Shift`. ఇది అక్షరాల అంచుల్ని కాపాడుతుంది కానీ స్క్రీన్ అడ్డంగా పరుచుకున్న లావు ఎర్ర పట్టీకి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, పట్టీ మధ్యభాగం ఎంత జరిపినా ఎరుపే కదా.

ఇంకో ఫిర్యాదు: చూస్తుండగా స్క్రీన్ దానంతటదే మసకబారుతోంది

ఇది చెడిపోవడం కాదు. బొమ్మలో పెద్ద మార్పు లేకుండా చాలాసేపు ఉంటే టీవీ మెల్లగా వెలుగు తగ్గించుకుంటుంది, మెనూ నొక్కినా సీను మారినా మళ్లీ మామూలుగా అవుతుంది. సర్వీస్ మెనూలోకి వెళ్లి దీన్ని తీసేయమని చెప్పే వీడియోల మాట వినకండి, మీ ప్యానెల్‌కు ఉన్న రక్షణను మీరే తీసేసినట్టవుతుంది.

వెలుగు: ఏ సెట్టింగ్ తగ్గించాలి

మెనూలో `Brightness` అని కనిపించగానే దాన్ని తగ్గిస్తారు. కొన్ని మోడళ్లలో అది నలుపు స్థాయిని మార్చేది, తగ్గిస్తే చీకటి సీన్లలో ఏమీ కనబడదు, పిక్సెళ్లకు పెద్దగా విశ్రాంతీ దొరకదు. ఎల్‌జీలో మీకు కావాల్సింది `OLED Pixel Brightness`, పాతవాటిలో `OLED Light`. షోరూం నుంచి వచ్చిన `Vivid` మోడ్‌లో ఇది 100 దగ్గరే ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ ఉన్న ఇన్‌పుట్‌కు `Cinema` లేదా `Standard` మోడ్ పెట్టి, దీన్ని 40, 50 మధ్యకు దించండి. పగటిపూట చాలట్లేదంటే ముందు కిటికీ కర్టెన్ వేసి చూడండి. హెచ్‌డీఆర్ సినిమాల వెలుగును తగ్గించక్కర్లేదు, అక్కడ బొమ్మ మారుతూనే ఉంటుంది.

ఒక ఇంట్లో జరిగింది

గుంటూరులో మా బాబాయి వాళ్ల టీవీ కొని రెండేళ్లు దాటింది. రోజుకు ఆరేడు గంటలు న్యూస్, `Vivid` మోడ్, రాత్రి కాగానే టీవీ, సెట్‌టాప్ బాక్స్ రెండూ ఉన్న బోర్డు ఆపేయడం. బూడిద రంగు టెస్టులో పైమూల లోగో, కింద పట్టీ రెండూ తేలాయి. “స్విచ్ వేసి ఉంచితే కాలిపోదట్రా?” అని ఆయన టెన్షన్. టీవీని వేరే సాకెట్‌కు మార్చి, ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించాం, రాత్రి కరెంటు పోయినా పని మధ్యలో ఆగకుండా. మోడ్ మార్చి, వెలుగు 45కు దించి, లోగో తగ్గించేది వేసి, వారం పాటు అలాగే చూడమన్నాం. వారం తర్వాత ఫొటో పోల్చితే లోగో దాదాపు కనబడట్లేదు, పట్టీ మాత్రం ఉంది. అప్పుడు చేత్తో ఒకసారి రిఫ్రెష్ నడిపాం. ఇప్పుడు క్రికెట్‌లో పట్టీ తెలియదు, ఎర్ర స్క్రీన్ పెడితే మాత్రం పల్చగా కనిపిస్తుంది, అది ఇక పోదు.

అలా మిగిలిన మచ్చకు ప్యానెల్ మార్చడం తప్ప వేరే దారి లేదు, దాని ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా వెళ్తుంది. కదలని బొమ్మ వల్ల పడిన మచ్చను చాలా కంపెనీలు వారంటీ కింద ఒప్పుకోవు, కార్డులో ఆ లైను వెతికి చదవండి. ప్యానెల్‌కు విడిగా పొడిగించిన వారంటీ అమ్ముతుంటే, డబ్బు కట్టే ముందే బర్న్-ఇన్ అందులో ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.