బ్రెతీ, క్రీకీ గొంతులు కొలిచే ముందు జాగ్రత్తలు

ఈ మధ్య ఒక థీసిస్ అధ్యాయం చూడమని నాకు పంపారు. పట్టికలో ‘ఈ’ అచ్చున్న మాటలన్నీ బ్రెతీ, ‘ఆ’ ఉన్నవన్నీ మామూలు గొంతు. ఆ భాషలో కొత్త అర్థభేదం బయటపడిందని ముగించారు. నిజానికి బయటపడింది కొలతలోని తప్పు. రికార్డింగ్‌కి వెళ్లబోయేవాళ్లు ఇది చదివి వెళ్లండి.

బ్రెతీ గొంతులో స్వరతంత్రులు కంపిస్తూనే ఉంటాయి గానీ పూర్తిగా మూసుకోవు, సందులోంచి గాలి పోతూ ఉంటుంది. క్రీకీలో అవి బిగుసుకుని నెమ్మదిగా, లయ తప్పి కొట్టుకుంటాయి. గుజరాతీలో ‘బార్’ మామూలుగా పలికితే పన్నెండు, అచ్చుని బ్రెతీగా పలికితే బయట. మెక్సికోలోని హలాపా మజాతెక్‌లో ఈ మూడు గొంతులూ అర్థాన్ని మారుస్తాయి.

మనం ఎక్కువగా నమ్ముకునే కొలత H1-H2, అంటే మొదటి హార్మోనిక్ బలం లోంచి రెండోదాని బలం తీసేయగా వచ్చే డెసిబెల్స్. బ్రెతీలో అది పెరుగుతుంది, క్రీకీలో తగ్గుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. 220 హెర్ట్జ్ స్థాయిలో మాట్లాడే ఒకావిడ ‘ఈ’ అన్నారనుకోండి. మొదటి ఫార్మెంట్ సుమారు 300 దగ్గర ఉంటుంది. 220 దగ్గరున్న H1ని అది బాగా పెంచుతుంది, 440 దగ్గరున్న H2కి అంత సాయం అందదు. అదే ఆవిడ ‘ఆ’ అంటే ఫార్మెంట్ 800 పైకి పోతుంది, ఈసారి లాభం H2కి. స్వరతంత్రులు ఏమీ మార్చకపోయినా అంకె మారిపోతుంది.

అందుకే వేర్వేరు అచ్చుల H1-H2ని ఎప్పుడూ పోల్చకండి. అచ్చు ఒకటే ఉండే జంట మాటలు పెట్టుకోండి. ఫార్మెంట్ ప్రభావం తీసేసిన H1*-H2* వాడినా, H1 ఫార్మెంట్‌కి ఆనుకుని ఉంటే దాన్నీ నమ్మకండి.

ఇంకొన్ని:

- క్రీకీ కోసం Praatలో పిచ్ కనీస హద్దు 75 హెర్ట్జ్ దగ్గర ఉంచకండి. అసలైన క్రీకీ తరచూ దానికంటే కింద ఉంటుంది. అప్పుడు మీకు బాగా కావలసిన నమూనాలే లెక్కలోంచి ఎగిరిపోతాయి. 40కి దించి, పల్సులు కళ్లతో చూడండి.
- అచ్చు మొత్తానికి సగటు తీయకండి. మజాతెక్‌లో గొంతు తేడా ఎక్కువగా అచ్చు మొదటి భాగంలోనే ఉంటుంది, సగటులో అది కరిగిపోతుంది.
- మాటని వాక్యం చివర పెట్టించకండి. అక్కడ చాలా భాషల్లో గొంతు దానంతటదే క్రీకీ అవుతుంది.
- ఒక్క కొలతతో తేల్చకండి. సెప్‌స్ట్రల్ పీక్ ప్రామినెన్స్ కూడా తీయండి, బ్రెతీలో గాలి రొద వల్ల అది తగ్గుతుంది. వీలైతే ఎలక్ట్రోగ్లాటోగ్రాఫ్ పెట్టండి: తంత్రులు తాకి ఉన్న సమయం బ్రెతీలో తక్కువ, క్రీకీలో ఎక్కువ.
- ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో నేరుగా పోల్చకండి. ఒకే మనిషి, ఒకే అచ్చు.
- మళ్లీ చెప్తున్నాను: ‘ఈ’ పక్కన ‘ఆ’ పెట్టి బ్రెతీ అనకండి.