పేపర్ మీద తిరిగిన చెయిర్ మాలిక్యూల్‌లో తిరగదు: ట్రాన్స్ డెకలిన్ నుంచి స్టెరాయిడ్ దాకా

శ్రీకాకుళంలో ఎంఎస్సీ ఎంట్రన్స్‌కి చదువుతున్న పిల్లల నోట్సులు దిద్దుతుంటే కాన్ఫర్మేషన్ చాప్టర్‌లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులు ఇవి. అన్నింటికీ మూలం ఒక్కటే, రింగులు అతుక్కున్న చోటును చూడకుండా చెయిర్‌ను, అంటే ఆరు కార్బన్ల రింగ్ తీసుకునే కుర్చీ ఆకారాన్ని, తిప్పేయడం.

సమస్య: ట్రాన్స్ డెకలిన్ మీద OH యాక్సియల్‌గా వచ్చింది. ఫ్లిప్ చేసి ఈక్వటోరియల్ చేశాను. తప్పని మార్కులు కొట్టేశారు.

డెకలిన్ అంటే ఒక బంధాన్ని పంచుకుని అతుక్కున్న రెండు సైక్లోహెక్సేన్ రింగులు, అతుకు దగ్గరి రెండు హైడ్రోజన్లూ ఎదురెదురు వైపుల ఉంటే ట్రాన్స్. తప్పుకు కారణం ఒంటి సైక్లోహెక్సేన్ అలవాటే. ఒంటరి సైక్లోహెక్సేన్ రింగ్ ఒక చెయిర్ నుంచి ఇంకో చెయిర్‌కి మారడానికి మోల్‌కు సుమారు 10.8 కిలోకేలరీల అడ్డంకి దాటాలి. గది ఉష్ణోగ్రత దగ్గర అది పెద్ద పనే కాదు, సెకనుకు లక్షసార్ల చొప్పున తిరుగుతూనే ఉంటుంది. తిరిగినప్పుడు రింగ్ నుంచి పక్కకు చాచిన ఈక్వటోరియల్ బంధాలన్నీ నిట్టనిలువుగా ఉండే యాక్సియల్ బంధాలవుతాయి. ఇంతవరకూ అందరికీ తెలుసు.

ఇప్పుడు ట్రాన్స్ డెకలిన్‌లో ఎడమ రింగును మాత్రమే చూడండి. దానికి కుడి రింగ్ రెండు బంధాలతో తగులుకుని ఉంది, ఆ రెండూ ఈక్వటోరియల్. వాటి మధ్య డైహెడ్రల్ కోణం సుమారు 60 డిగ్రీలు. ఎడమ రింగ్ ఫ్లిప్ అయితే ఆ రెండూ యాక్సియల్ కావాలి. పక్కపక్క కార్బన్ల మీది యాక్సియల్ బంధాలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి కాబట్టి కోణం 180 డిగ్రీలవుతుంది. అలా విడిపోయిన రెండు చివరలనూ కలిపి ఆరు కార్బన్ల రింగ్‌ను మూయడానికి మిగిలినవి రెండే కార్బన్లు. అవి అంత దూరం అందుకోలేవు. అందుకే ఫ్లిప్ లేదు. అడ్డంకి ఎక్కువై ఆగిపోవడం కాదిది, ఎదుటి చెయిర్ అనేదే ఉండదు.

పరిష్కారం: రింగ్ గీయగానే OH జోలికి వెళ్లకండి. ముందు అతుకు దగ్గరి రెండు కార్బన్ల మీద హైడ్రోజన్లు పెట్టండి. రెండూ యాక్సియల్, ఒకటి పైకి, ఒకటి కిందికి. ఆ తర్వాతే మిగతా గుంపులు. OH యాక్సియల్‌గా వస్తే అలాగే వదిలేయండి, అది అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. ఇలా ఫ్లిప్‌కు తాళం పడిందంటే రింగ్ రాయిలా బిగుసుకుపోయిందని కాదు. ఏదో ఒక రింగ్ ట్విస్ట్ బోట్‌లోకి వంగొచ్చు, దానికి సుమారు అయిదున్నర కిలోకేలరీలు ఖర్చవుతుంది. యాక్సియల్ స్థానంలో మరీ పెద్ద గుంపు ఇరుక్కుంటే ఆ ఖర్చు పెట్టుకోవడమే మేలనిపిస్తుంది. ఇంకో చెయిర్‌కి మాత్రం చేరదు.

సమస్య: "మాస్టారూ, నా మోడల్ శుభ్రంగా తిరుగుతోంది కదా?"

ఆమదాలవలస నుంచి వచ్చే ఒక అమ్మాయి సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలతో డెకలిన్ కట్టి తెచ్చి అడిగిన ప్రశ్న ఇది. ప్రశ్న న్యాయమైనదే. రెండు కారణాలు ఉండొచ్చు.

మొదటిది, కట్టింది సిస్ డెకలిన్ అయి ఉండొచ్చు. అతుకు దగ్గరి రెండు హైడ్రోజన్లూ ఒకే వైపు ఉంటే అది సిస్. అందులో ఒక్కో రింగ్‌కు ఒక అతుకు బంధం యాక్సియల్, ఒకటి ఈక్వటోరియల్. ఫ్లిప్ అయితే అవి చోట్లు మార్చుకుంటాయి అంతే, కోణం 60 డిగ్రీలుగానే ఉంటుంది. కాబట్టి సిస్ నిజంగానే తిరుగుతుంది, అయితే రెండు రింగులూ కలిసే తిరగాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

రెండోది, రబ్బరు కీలు వంగిపోతుంది. కార్బన్ కోణం 109.5 డిగ్రీల దగ్గర నిలబడదు కాబట్టి ట్రాన్స్ కూడా తిరిగినట్టే కనిపిస్తుంది. కోణం బిగిసి ఉండే ప్లాస్టిక్ మోడల్ కిట్‌తో కడితే చెయ్యి నొప్పెట్టేదాకా మెలిపెట్టినా ఎదురు చెయిర్ రాదు.

మాలిక్యూల్‌నే అడగాలంటే కార్బన్ ఎన్ఎంఆర్ ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర రెండు డెకలిన్లూ మూడేసి సిగ్నళ్లే ఇస్తాయి. బాగా చల్లబరిస్తే సిస్‌లో తిరగడం నెమ్మదించి అవి అయిదుగా విడిపోతాయి. ట్రాన్స్‌లో మూడు మూడుగానే ఉంటాయి.

సమస్య: స్టెరాయిడ్‌లో A, B రింగులు సిస్ అని ఇచ్చారు. సిస్ కాబట్టి A రింగ్‌ను ఫ్లిప్ చేశాను. అదీ తప్పేనట.

బాగా చదివేవాళ్లు పడే గొయ్యి ఇదే. స్టెరాయిడ్‌లో A, B, C, D అనే నాలుగు రింగులు వరుసగా అతుక్కుని ఉంటాయి. సిస్ తిరగాలంటే రెండు రింగులూ కలిసి తిరగాలన్నాం కదా. A తిరగాలంటే B కూడా తిరగాలి. కానీ B రింగ్ రెండో పక్కన C రింగ్‌తో ట్రాన్స్‌గా అతుక్కుని ఉంది, కదల్లేదు. B ఆగితే A ఆగినట్టే. అంటే A, B సిస్‌గా ఉండే ఈ 5బీటా స్టెరాయిడ్ సిస్ అతుకు ఉన్నా తాళం పడిన అస్థిపంజరమే.

మరి 3వ కార్బన్ మీది OH యాక్సియలా, ఈక్వటోరియలా? బొమ్మ చూసి ఊహించొద్దు, 10వ కార్బన్ నుంచి లెక్కపెట్టండి.

5ఆల్ఫా కొలెస్టేన్ తీసుకుందాం, A, B ట్రాన్స్. 10వ కార్బన్ మీది మిథైల్ బీటా, అంటే పైకి. A రింగ్‌కు అది యాక్సియల్. యాక్సియల్ దిశ కార్బన్‌కొకసారి మారుతుంది: 10 పైకి, 1 కిందికి, 2 పైకి, 3 కిందికి. 3 దగ్గర యాక్సియల్ అంటే కిందికి, అంటే ఆల్ఫా. కాబట్టి 3బీటా OH ఈక్వటోరియల్.

5బీటాలో అదే మిథైల్ A రింగ్‌కు ఈక్వటోరియల్ అవుతుంది. 10వ కార్బన్ మీద A రింగ్‌కు యాక్సియల్‌గా ఉండేది కిందికి దిగే 9వ కార్బన్. కాబట్టి లెక్క కిందితో మొదలవుతుంది: కిందికి, పైకి, కిందికి, పైకి. ఇక్కడ 3బీటా యాక్సియల్, 3ఆల్ఫా ఈక్వటోరియల్.

జవాబు సరిచూసుకోవడానికి ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 3వ కార్బన్ మీది హైడ్రోజన్‌ను చూడండి. OH ఈక్వటోరియల్ అయితే ఆ హైడ్రోజన్ యాక్సియల్, పక్క యాక్సియల్ హైడ్రోజన్లతో 10 హెర్ట్జ్‌కు పైగా కప్లింగ్ ఉంటుంది. సిగ్నల్ వెడల్పుగా, 3.6 పీపీఎం దగ్గర కనిపిస్తుంది. OH యాక్సియల్ అయితే సిగ్నల్ సన్నగా, 4 దాటి వస్తుంది. ఫ్లిప్ జరిగే మాలిక్యూల్ అయితే ఈ రెండింటి సగటు వచ్చేది. తాళం పడబట్టే ఇంత స్పష్టమైన తేడా. 1950లో డెరెక్ బార్టన్ స్టెరాయిడ్ల రియాక్షన్లను కాన్ఫర్మేషన్‌తో వివరించగలిగింది కూడా ఇలా గుంపులు కదలకుండా ఒకచోట నిలబడటం వల్లే. 1969 నోబెల్‌ను ఆయన, ఆడ్ హాసెల్ పంచుకున్నారు.

చిన్న తప్పులు

D రింగ్‌ను చెయిర్‌గా గీయకండి, దానికున్నవి అయిదు కార్బన్లే. కొలెస్ట్రాల్‌లో 5, 6 మధ్య డబుల్ బాండ్ ఉంది, కాబట్టి 5వ కార్బన్ మీద హైడ్రోజన్ వెతక్కండి. అక్కడ B రింగ్ పూర్తి చెయిర్ కాదు, సగం చదునైన హాఫ్ చెయిర్.

ఇంకొకటి, ప్రకృతిలో దొరికే స్టెరాయిడ్లన్నీ ట్రాన్స్ అనుకోవద్దు. హైవే డివైడర్లలో పెంచే గన్నేరులోని విషం ఒలియాండ్రిన్‌లో A, B సిస్, C, D కూడా సిస్. రెండు చివరలా వంగిన అస్థిపంజరం అది. దాని షుగర్ 3వ కార్బన్‌కు బీటా వైపు ఉన్న ఆక్సిజన్ ద్వారా తగులుకుంటుంది. 10 నుంచి లెక్కపెడితే ఆ ఆక్సిజన్ యాక్సియల్ అని తేలుతుంది. అంత పెద్ద షుగర్ యాక్సియల్‌గా ఉండటమేమిటని చెయిర్ తిప్పబోతే, B, C మధ్య ట్రాన్స్ అతుకు ఒప్పుకోదు.