పిల్లల టీకా కార్డుతో అమెరికా స్కూలుకి వెళ్లే ముందు: తేదీలు, రోజులు, కొలతలు

జులై వచ్చిందంటే నా ఫోన్‌కి ఇలాంటి మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, పాపకి ఎమ్మెమ్మార్‌కీ, చికెన్‌పాక్స్‌ టీకాకీ మధ్య గ్యాప్ సరిపోయిందా? స్కూల్లో అడుగుతున్నారు." అంతే ఉంటుంది. ఏ తేదీన ఏది వేశారో, పాప ఎప్పుడు పుట్టిందో ఏమీ ఉండదు. అవి లేకుండా గ్యాప్ ఎవరూ చెప్పలేరు. అందుకే నేను ముందు కార్డు ఫోటో, పుట్టిన తేదీ పంపమంటాను. ఇండియా నుంచి పిల్లలతో కొత్తగా వచ్చినవాళ్లు ఈ లెక్క తామే వేసుకోగలగాలని ఇది రాస్తున్నాను. స్కూలు మొదలయ్యే వారంలో టెన్షన్ పడే బదులు, వచ్చిన మొదటి వారంలోనే ఒక గంట కూర్చుంటే తేలిపోతుంది.

ఏయే టీకాలు కావాలో ఇక్కడ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి, మీ స్కూలు డిస్ట్రిక్ట్ ఇచ్చే కాగితమే చూసుకోండి. కానీ ఒక డోసు చెల్లుతుందా లేదా అన్నది తేల్చే రోజుల లెక్కలకి దాదాపు అందరూ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పద్ధతినే ఆధారం చేసుకుంటారు. ఎమ్మెమ్మార్, అంటే తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా టీకా, మొదటి పుట్టినరోజు తర్వాత వేసిందే లెక్కలోకి వస్తుంది. నాలుగు రోజుల వరకు ముందుగా వేసినా సాధారణంగా ఒప్పుకుంటారు. ఆటలమ్మ టీకాకీ, అంటే చికెన్‌పాక్స్‌కీ, ఇదే నియమం. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసే ఎమ్మార్ లేదా ఎమ్మెమ్మార్ డోసు ఇక్కడ స్కూలు లెక్కకి పనికిరాదు. అది వృథా అయిందని కాదు, ఆ వయసులో బిడ్డని అది కాపాడింది. ఇక్కడి ఫారంలో మాత్రం దానికి చోటు లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో వేయించినవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఎమ్మార్‌లో గవదబిళ్లల భాగం ఉండదు కాబట్టి, ఎమ్మార్ రెండు డోసులు పడినా ఎమ్మెమ్మార్ అడుగుతారు.

రెండో నియమం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఎమ్మెమ్మార్, ఆటలమ్మ రెండూ బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకాలు. రెండూ ఒకే రోజు వేయొచ్చు. ఒకే రోజు కాకపోతే మధ్యలో కనీసం 28 రోజులు ఉండాలి. లేకపోతే రెండోసారి వేసినది చెల్లదు, మళ్లీ వేయించాలి. పైన చెప్పిన నాలుగు రోజుల వెసులుబాటు ఈ గ్యాప్‌కి వర్తించదు. 27 రోజులంటే 27 రోజులే.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్‌లోకి వచ్చిన ఒక జంట కార్డు సంగతి చెబుతాను. పాప 2020 జూన్ 18న పుట్టింది. కార్డులో ఎమ్మెమ్మార్ దగ్గర 05/10/2021 అని, ఆటలమ్మ దగ్గర 28/10/2021 అని చేత్తో రాసి ఉంది. మనకది అక్టోబర్ 5. స్కూలు నర్సు దాన్ని మే 10 అని చదివింది. ఆమె తప్పేమీ లేదు, ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మే 10 నాటికి పాపకి ఇంకా ఏడాది నిండలేదు, నెల పైనే తక్కువ. కాబట్టి ఆ డోసు చెల్లదని తిప్పి పంపారు.

తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చింది ఆ ఎమ్మెమ్మార్ కోసమే. అది అక్టోబర్ 5 అని చూపించడం తేలిక. అదే కార్డులో, అదే చేతిరాతతో 28/10 అని ఉంది. ఇరవై ఎనిమిదో నెల ఉండదు కదా, కాబట్టి ఆ కార్డంతా రోజు ముందు, నెల తర్వాత రాసినదే. మీ కార్డులో కూడా ముందు అంకె 12 దాటిన తేదీ ఒక్కటి వెతకండి. అది దొరికితే మిగతా వరుసలన్నీ ఏ క్రమంలో రాశారో దాన్ని బట్టే చెప్పొచ్చు.

కానీ తేదీ సరిచేయగానే ఇంకో చిక్కు బయటపడింది. నర్సు చదివినట్టు మే 10 నుంచి అక్టోబర్ 28 వరకు అయితే 171 రోజులు, గ్యాప్‌కి ఢోకా లేదు. అసలు తేదీల ప్రకారం అక్టోబర్ 5 నుంచి 28 వరకు 23 రోజులే. అంటే ఎమ్మెమ్మార్ చెల్లింది, ఆటలమ్మ టీకా చెల్లలేదు. ఒక తేదీ తప్పు చదివితే మంచి డోసు పోయింది, చెల్లని డోసు నిలబడింది. అమ్మకి కాస్త బాధగా అనిపించింది కానీ, నర్సుకి ఉన్నదున్నట్టు చెప్పమనే అన్నాను. ఇది కాగితం కోసం మాత్రమే పెట్టిన నియమం కాదు. మొదటి టీకాకి ఒళ్లు స్పందిస్తున్న ఆ రోజుల్లో రెండోది సరిగ్గా పట్టకపోవచ్చు. పిల్లల డాక్టరు దగ్గర ఆటలమ్మ డోసు మళ్లీ వేయించారు, పని అయిపోయింది.

రోజులు లెక్కపెట్టేటప్పుడు ఇంజెక్షన్ వేసిన రోజు సున్నా. మన ఇళ్లలో పురుడు లెక్కపెట్టినట్టు ఆ రోజునే ఒకటి అనుకుంటే ఒక రోజు తేడా వస్తుంది. ఇంకా తేలిక పద్ధతి వారం చూడటం. 28 రోజులంటే సరిగ్గా నాలుగు వారాలు, కాబట్టి అదే వారం రావాలి. 2021 అక్టోబర్ 5 మంగళవారం. అక్కడి నుంచి నాలుగో మంగళవారం నవంబర్ 2. ఆ రోజు గానీ ఆ తర్వాత గానీ వేసి ఉంటే చెల్లేది. ఇక్కడి కాగితాల్లో "నెల" అన్న మాట రెండు రకాలుగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. మూడు నెలల్లోపు గ్యాప్‌లకి నెల అంటే 28 రోజులని లెక్క. నాలుగు నెలలు, అంతకు మించితే క్యాలెండర్ నెలలు, అంటే 18వ తేదీ నుంచి మళ్లీ 18వ తేదీకి.

కంప్యూటర్‌లో చూసుకోవాలంటే స్ప్రెడ్‌షీట్‌లో 05/10/2021 అని నేరుగా టైప్ చేయకండి. అమెరికా సెట్టింగ్‌లో ఉంటే అది కూడా మే 10 అనే తీసుకుంటుంది. ఏడాది, నెల, రోజు విడివిడిగా ఇలా ఇవ్వండి:

```
=DATE(2021,10,28)-DATE(2021,10,5)
```

23 వస్తుంది. అంకె బదులు ఏదో పాత తేదీ కనిపిస్తే సెల్ ఫార్మాట్ Number కి మార్చండి.

నా అనుభవంలో అన్నిటికంటే పనికొచ్చింది ఒక టైపు చేసిన కాగితం. అసలు కార్డు మీద ఏమీ దిద్దకండి, దిద్దితే కార్డు మీదే అనుమానం వస్తుంది. వేరే కాగితం మీద పాప పేరు, పుట్టిన తేదీ, కింద ఒక్కో డోసు, దాని తేదీ నెల పేరుతో రాయండి: 5 OCT 2021. అలా రాస్తే ఎవరూ తిప్పి చదవలేరు. కార్డు, ఈ కాగితం రెండూ పట్టుకుని ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి, స్కూలుకి తర్వాత. డాక్టరు ఆఫీసులో తేదీలు రాష్ట్ర రికార్డులోకి ఎక్కిస్తారు. ఎక్కించాక ఒక ప్రింటు అడిగి, కౌంటరు దగ్గరే నిలబడి ఒక్కో తేదీ సరిచూసుకోండి. తప్పు అక్కడ దూరితే తర్వాత ప్రతి స్కూలుకీ అదే తప్పు వెళ్తుంది.

కొన్ని కార్డుల్లో తేదీ ఉండదు, "15వ నెల" అని టిక్కు మాత్రమే ఉంటుంది. అది ఎప్పుడు వేయాలో చెప్పేది, ఎప్పుడు వేశారో కాదు. దాని నుంచి తేదీ ఊహించి రాయొద్దు. ఇండియాలోని ఆసుపత్రికి ఫోన్ చేసి పాత రిజిస్టర్‌లో చూడమనండి, అమ్మమ్మనో తాతయ్యనో ఒకసారి పంపితే పని త్వరగా అవుతుంది. దొరక్కపోతే రక్తపరీక్షతో యాంటీబాడీలు చూపించడం ఒక దారి, మీ రాష్ట్రం ఒప్పుకుంటుందేమో అడగండి. లేదంటే మళ్లీ వేయించడమే. ఎమ్మెమ్మార్ ఒక డోసు ఎక్కువ పడినా హాని లేదు.

పోలియో చుక్కలకి ఒక తేదీ గీత ఉంది. 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కల్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే ఆ నెలలోనే చుక్కల మందు మూడు రకాల వైరస్‌ల నుంచి రెండు రకాలకి మారింది. కాబట్టి కార్డులో ఇంజెక్షన్ రూపంలో పడిన పోలియో డోసుల్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

టీకా వేయించిన రాత్రి జ్వరం వస్తే కొలతల లెక్క మొదలవుతుంది. జ్వరం వరకు మనకి ఇబ్బంది లేదు. మన ఇళ్లలో 101, 102 అని ఫారెన్‌హీట్‌లోనే చెప్పుకుంటాం, ఇక్కడా అంతే. సెల్సియస్ థర్మామీటర్ అయితే 37ని 98.6 అనుకుని, ఆ పైన ప్రతి డిగ్రీకీ 1.8 కలపండి. 38 అంటే 100.4, 39 అంటే 102.2.

జాగ్రత్త పడాల్సింది సిరప్ దగ్గర. "మా పాపకి 5 ఎమ్మెల్ ఇస్తాం" అంటారు. ఏ సీసాలోంచి అన్నది తెలియకుండా ఆ 5కి అర్థం లేదు. ఇండియాలో పారాసిటమాల్ సిరప్ 5 ఎమ్మెల్‌కి 120 మిల్లీగ్రాములదీ, 250 మిల్లీగ్రాములదీ రెండూ దొరుకుతాయి. ఇక్కడ అదే మందుని ఎసిటమినోఫెన్ అంటారు, పిల్లల సిరప్ 5 ఎమ్మెల్‌కి 160 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎంత బరువున్న బిడ్డకి ఎంత మోతాదో సీసా మీద రాస్తారు, ఆ బరువు పౌండ్లలో ఉంటుంది. 18 కిలోల బిడ్డని తీసుకోండి. 2.2తో గుణిస్తే 40 పౌండ్లకి కాస్త తక్కువ. ఇక్కడి సీసా మీద 36 నుంచి 47 పౌండ్లకి 7.5 ఎమ్మెల్ అని ఉంటుంది, అంటే 240 మిల్లీగ్రాములు. ఆ 7.5 అంకెని గుర్తుపెట్టుకుని, సూట్‌కేసులో తెచ్చుకున్న 250 సీసాలోంచి పోస్తే 375 మిల్లీగ్రాములు పడుతుంది. అది కిలోకి 20 మిల్లీగ్రాములు దాటినట్టు. సాధారణంగా ఒకసారికి కిలోకి 15 మించి ఇవ్వరు. అందుకే రెండు దేశాల సీసాలు ఒకే అరలో పెట్టకండి. రెండేళ్లలోపు బిడ్డకైతే డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

వంటింటి చెంచాతో కొలవొద్దు, మన ఇళ్లలో ఒక్కో చెంచా ఒక్కో సైజు. మందుల షాపులో ఫార్మసిస్ట్‌ని అడిగితే ఎమ్మెల్ గీతలున్న చిన్న ప్లాస్టిక్ సిరంజి ఇస్తారు. సీసాతో పాటు వచ్చిన కప్పు లేదా సిరంజిని ఆ సీసాకే రబ్బరు బ్యాండ్‌తో కట్టి ఉంచండి.