పండక్కి ఊళ్లో గేమ్ తెరిచే ముందు

- మీ ల్యాప్‌టాప్‌లోని సేవ్, క్లౌడ్‌లోని సేవ్ వేరుగా ఉంటే ఏది ఉంచాలని గేమ్ అడుగుతుంది. ఆ సేవ్ కాన్‌ఫ్లిక్ట్ బాక్స్‌లో తేదీ ఒక్కటే చూసి నొక్కేయకండి. కొత్త సేవ్ అంటే ఎక్కువ ఆడిన సేవ్ కాదు. నిరుడు సంక్రాంతికి విజయనగరంలో మా తమ్ముడు నెట్ లేకుండా నా ల్యాప్‌టాప్‌లో కొత్త గేమ్ మొదలెట్టి 10 నిమిషాలు ఆడాడు. ఆ ఆటోసేవ్‌దే తాజా టైమ్. నేను దాన్నే ఉంచేశాను. క్లౌడ్‌లోని 40 గంటల ఆట పోయింది.

- ఏది నొక్కాలో తేలకపోతే బాక్స్ రద్దు చేసి, సేవ్ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకోండి.

- తప్పుది నొక్కేశారా? మీరు ముందు ఆడిన పీసీలో పాత సేవ్ ఇంకా ఉండొచ్చు. నెట్ తీసేశాకే ఆ పీసీ ఆన్ చేసి సేవ్ ఫోల్డర్ వేరేచోట కాపీ చేసుకోండి. నెట్ ఉంటే క్లౌడ్‌లోని సేవ్ ఆ పాత సేవ్ మీద పడొచ్చు. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది లెండి.

- బస్సెక్కే ముందు గేమ్ మూసి, అప్‌లోడ్ పూర్తయ్యాకే షట్‌డౌన్ చేయండి.